మిద్దె మీద నుంచి స్నానాల గది దాకా: నల్ల బండ మెట్లకు రాత్రి దీపాలు పెట్టిన ఒక కేసు

ఈ కేసు కడప పట్టణంలోని ఒక ఇంటిది. ఇంటివారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. మెట్ల కొలతలు, గోడ, రాయి, దీపాల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ఇళ్లకు వైరింగు, లైటింగు పని చేసే వాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లకు ఇందులో పనికివచ్చే సంగతి ఒకటుంది: మెట్ల దగ్గర చీకటి పోగొట్టడం ఒక పని, మెట్టు అంచు కనిపించేలా చేయడం ఇంకో పని. రెండోది దీపంతో మాత్రమే అయ్యేది కాదు.

ఇల్లు, మనుషులు

పాతికేళ్ల కిందట కట్టిన ఇల్లు. కింద మూడు గదులు, పైన ఖాళీ మిద్దె. హాల్లో నుంచి మిద్దెకు లోపలి మెట్లున్నాయి. తొమ్మిది మెట్లు ఎక్కితే ల్యాండింగ్, అక్కడ మలుపు తిరిగి మరో తొమ్మిది ఎక్కితే మిద్దె తలుపు. మెట్లకు, ల్యాండింగ్‌కు, అప్పట్లో హాలుకు కూడా పాలిష్ పట్టిన నల్ల కడప బండలే పరిచారు. నాలుగేళ్ల కిందట హాల్లోని బండల మీదే తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ వేయించారు. మెట్లను అలాగే వదిలేశారు. ఒక పక్క ఇటుక గోడ, మరో పక్క నడుము ఎత్తు పిట్టగోడ. పట్టుకోవడానికి కమ్మీ ఎక్కడా లేదు.

ఇంట్లో ఆరుగురు. అందరిలో పెద్ద అవ్వ, డెబ్బై దాటింది, చక్కెర జబ్బు ఉంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా చేయించలేదు. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. చలికాలంలో ఆమె కిందే పడుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి చేరతారు. కడపలో ఎండాకాలం రాత్రి పదకొండింటికి కూడా గదిలో గోడ వేడిగా తగులుతుంది, పైకి వెళ్లక తప్పదు. స్నానాల గది మాత్రం కింద, హాలు పక్కనున్న నడవ చివర ఉంది. అంటే మే నెలలో అవ్వ నిద్రమత్తులో పద్దెనిమిది మెట్లు దిగాలి, నడవ దాటాలి, మళ్లీ అంతా ఎక్కి రావాలి.

ఆ వేసవిలోనే ఒక రాత్రి దిగుతూ పడింది. మణికట్టు విరిగింది. తర్వాత ఆమె కొడుకు నాకు ఫోను చేశారు. "మెట్లకు మంచి లైట్లు పెట్టాలన్నా, ఎంతవుతుందో చెప్పు" అన్నారు. చూడకుండా చెప్పలేనని, ముందు వచ్చి చూస్తానని అన్నాను.

ఎక్కడ పడింది, ఎందుకు పడింది

ఇలాంటి పిలుపు వస్తే నేను ముందు అడిగేది ఎక్కడ పడ్డారని. ఎక్కుతూ తడబడే వాళ్లు ముందుకు వాలతారు, చేతులు ఆనతాయి. దిగేటప్పుడు కాలు తప్పితే ఆనడానికి ఏమీ ఉండదు. అవ్వ పై వరుసలో చివరి మెట్టు మీద, ల్యాండింగ్‌కు ఒక్క అడుగు ముందు పడింది. "నేల వచ్చేసిందనుకున్నాను నాయనా, కాలు కిందికి పోయింది" అంది. ఈ ఒక్క మాటలో సగం కేసు ఉంది. ఆమెకు ఆ మెట్టు, ల్యాండింగ్ ఒకే నేలగా కనిపించాయి.

పగటిపూట నిలబడి చూస్తేనే కారణం అర్థమవుతుంది. మెట్టు దిగే మనిషికి మెట్ల నిలువు భాగం కనిపించదు. పై నుంచి చూస్తే కనిపించేది ఒకదాని కింద ఒకటిగా పరచిన పలకలే. ఈ పలకకు, కింది పలకకు మధ్య రంగులోనో వెలుగులోనో తేడా ఉంటేనే కన్ను అంచును పట్టుకుంటుంది. ఇక్కడ అన్నీ ఒకే నలుపు. తెల్ల టైల్ తన మీద పడిన వెలుగులో సగానికి పైగా తిరిగి పంపుతుంది, పాలిష్ పట్టిన కడప బండ పదో వంతు అటూ ఇటూగా పంపుతుంది. ఆ కాస్త కూడా అద్దం మాదిరిగా ఒకే దిక్కుకు పోతుంది. పైన బల్బు వెలిగితే రాతిలో బల్బు బొమ్మ మెరుస్తుంది, దాని చుట్టూ రాయి మాత్రం నల్లగానే ఉంటుంది.

దీనికి తోడు అవ్వ కళ్లద్దాలు బైఫోకల్. కింది సగం దగ్గరి చూపుకు చేసింది. మెట్లు దిగుతూ తల వంచకుండా కళ్లు మాత్రమే కిందికి దించితే, చదువుకోవడానికి పెట్టిన ఆ భాగంలో నుంచే మెట్లను చూస్తారు. అప్పుడు అంచు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. అద్దాలు తలగడ దగ్గరే వదిలేసి దిగే రాత్రులు కూడా ఉన్నాయని కోడలు చెప్పింది. ఏ ఏర్పాటు చేసినా మసక చూపుకు కూడా అందేలా ఉండాలని అప్పుడే రాసుకున్నాను.

తర్వాత టేపు తీసి మెట్లన్నీ కొలిచాను. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఇది తమ పని కాదనుకుంటారు. మెట్ల ఎత్తు అన్నీ దాదాపు 17 సెంటీమీటర్లు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో సరిగానే ఉన్నాయి. అట్టడుగు మెట్టు మాత్రం 12 సెంటీమీటర్లే వచ్చింది. హాల్లో పాత బండల మీద సిమెంటు పరిచి టైల్ వేయడంతో నేల అయిదు సెంటీమీటర్లు పైకి లేచింది. వరసగా పదిహేడు మెట్లు దిగిన కాలు పద్దెనిమిదోది కూడా అంతే ఉంటుందనుకుని దిగుతుంది. నేల ముందే తగిలి మోకాలు అదురుతుంది. "అక్కడ ఎప్పుడూ కాలు జివ్వుమంటుంది" అని అవ్వే కాదు, కోడలు కూడా అంది. ఎందుకో మాత్రం ఎవరూ చూడలేదు.

అప్పటికే చేసినవి

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో మూడు ప్రయత్నాలు జరిగాయి. మూడూ మంచి ఉద్దేశంతో చేసినవే, మూడూ నిలబడలేదు. అవి ఎందుకు విఫలమయ్యాయో తెలుసుకోకుండా నాలుగోది మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

మొదటిది ల్యాండింగ్ పైన ఉన్న ట్యూబులైటును రాత్రంతా వెలిగించి ఉంచడం. మిద్దె తలుపు దగ్గర నిలబడితే ఆ ట్యూబు సరిగ్గా కళ్ల ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే మనం అప్పటికే దాని ఎత్తుకు ఎక్కి ఉన్నాం. చీకట్లో గంటల తరబడి పడుకున్న కన్ను మసక వెలుగుకు అలవాటు పడి ఉంటుంది. ఆ అలవాటు పూర్తిగా రావడానికి అరగంట దాకా పడుతుంది, పోవడానికి క్షణాలు చాలు. తలుపు తీయగానే ట్యూబు కళ్లలో పొడిచేది. శుక్లం ఉన్న కంట్లో ఆ వెలుగు చెదిరి తెల్లటి తెరలా పరుచుకుంటుంది. అవ్వ చేయి అడ్డం పెట్టుకుని దిగేది. పురుగులు, వాటి వెంట బల్లులు, పైన పడుకున్న పిల్లల ముఖాల మీద వెలుగు, ఇవన్నీ కలిసి వారంలోపే దాన్ని ఆర్పించాయి.

మిద్దె తలుపు నెత్తిన ఒక బల్బు కూడా ఉంది. అదింకో తిప్పలు. దిగే మనిషికి ఆ బల్బు వెనక ఉంటుంది, తన నీడ తన ముందున్న మెట్ల మీదే పడుతుంది. కాలు పెట్టబోయే చోటే చీకటి.

రెండోది మనవడు ఆన్‌లైన్లో తెప్పించిన సెన్సర్ దీపాలు. బ్యాటరీతో నడుస్తాయి, గోడకు అంటించుకోవచ్చు, మనిషి కదిలితే వెలుగుతాయి. జనవరిలో తెచ్చినప్పుడు బ్రహ్మాండంగా పనిచేశాయట. మే నెలలో ఒకసారి వెలిగితే రెండుసార్లు వెలగలేదు. బ్యాటరీలు మార్చారు, దీపాలు మార్చారు, కంపెనీని తిట్టారు. అసలు కారణం వేరే ఉంది. ఈ సెన్సర్ కదలికను నేరుగా చూడదు. ఒంటి వేడికి, వెనకనున్న గోడ వేడికి ఉన్న తేడా తన ముందు నుంచి కదిలిపోతే పసిగడుతుంది. మనిషి చర్మం పైన వేడి 33, 34 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. పగలంతా ఎండలో కాగిన స్లాబు కింద, గాలి ఆడని ఆ మెట్ల గదిలో రాత్రి పదింటికి గోడకు ఆనించి పెట్టిన థర్మామీటరు 35 చూపించింది. మనిషికి, గోడకు తేడా లేకపోతే సెన్సర్‌కు మనిషి లేనట్టే. జనవరిలో అదే గోడ 22, 23 డిగ్రీలుంటుంది కాబట్టి తేడా బోలెడు. మన జిల్లాల్లో మెట్లకు ఈ రకం సెన్సర్ పెట్టేవాళ్లు దాన్ని మే నెలలో పరీక్షించి చూడాలి. ఎక్కువ అవసరం ఉన్న నెలలోనే అది చేతులెత్తేస్తుంది.

వేడి సంగతి పక్కన పెట్టినా ఇంకో లోపం ఉంది. ఈ సెన్సర్ తన ముందు నుంచి అడ్డంగా పోయే మనిషిని త్వరగా పట్టుకుంటుంది, నేరుగా తన వైపు వచ్చే మనిషిని ఆలస్యంగా పట్టుకుంటుంది. ల్యాండింగ్ గోడకు అంటించినవి దిగే మనిషికి ఎదురుగా ఉన్నాయి. అవి వెలిగేసరికి అవ్వ రెండు మెట్లు చీకట్లో దిగేసి ఉండేది.

మూడోది ఒక పనివాడు వచ్చి కింది వరుస మెట్ల గోడకు పెట్టిన ఫుట్ లైట్లు. 3 వాట్లవి, చల్లటి తెల్ల వెలుగు, ముందుభాగం ఉత్త గాజు. మోకాలి ఎత్తులో వరసగా పెట్టాడు. వెలిగిస్తే చూడటానికి పెళ్లిపందిరిలా ఉంది. ప్రతి దీపం కంటికి సూటిగా తగులుతోంది, కింద రాతిలో దాని బొమ్మ మరొకటి మెరుస్తోంది. దీపాలు లెక్కపెట్టవచ్చు గానీ మెట్లు లెక్కపెట్టలేం. అవ్వ ఆ మెరుపునే మెట్టు అంచనుకుని దాని మీద అడుగు వేయబోయిందని కోడలు చెప్పినప్పుడు, అది కేవలం పనికిరాని ఏర్పాటు కాదు, ప్రమాదకరమైనదని తేలిపోయింది. ఆ రోజే వాటిని ఆపించాను.

గోడ కొట్టకముందు చేసిన పరీక్ష

గోడకు గాడి కొట్టి, బాక్సులు పాతేశాక నచ్చకపోతే అటు డబ్బు, ఇటు గోడ రెండూ పోతాయి. అందుకే పై వరుస తొమ్మిది మెట్లకు మాత్రం తాత్కాలికంగా దీపాలు అంటించి, ఎక్స్‌టెన్షన్ వైరుతో వెలిగించి చూడాలనుకున్నాను. కిందికి మాత్రమే వెలుగు పడేలా పైన రేకు కప్పు ఉన్న 1 వాట్ దీపాలు తీసుకున్నాను. పసుపు ఛాయ ఉన్న వెలుగు, పెట్టె మీద 2700K అని ఉంటుంది. నీలం పాలు ఎక్కువుండే తెల్ల వెలుగు చీకటికి అలవాటుపడిన చూపును ఎక్కువ చెడగొడుతుంది, నిద్రనూ చెదరగొడుతుంది. పురుగులు కూడా పసుపు ఛాయకు తక్కువగా వస్తాయి.

దీపం ఎత్తు విషయంలో కాస్త తర్జనభర్జన పడ్డాను. మరీ కిందికి, పలకకు నాలుగు అంగుళాల్లో పెడితే దీపం పక్కన ఒక చిన్న మడుగులా వెలుగు ఆగిపోతుంది, పిట్టగోడ వైపు చీకటిగానే ఉంటుంది. అవ్వ పిట్టగోడను తడుముకుంటూ ఆ వైపే దిగుతుంది. పైకి పెడితే వెలుగు పరుచుకుంటుంది గానీ, కింది మెట్ల మీద ఉన్నవాళ్లు తలెత్తితే కప్పు కింది నుంచి దీపంలో వెలిగే చిప్ నేరుగా కనిపించి కళ్లలో గుచ్చుకుంటుంది. పలకకు ఎనిమిది అంగుళాల పైన, అంటే 20 సెంటీమీటర్ల దగ్గర రెండూ కుదిరాయి. మెట్టు విడిచి మెట్టుకు ఒక దీపం చొప్పున, మొదటి మెట్టు, చివరి మెట్టు తప్పకుండా వచ్చేలా వరుసకు అయిదు. పడటమెప్పుడూ మొదటి అడుగు దగ్గరో ఆఖరి అడుగు దగ్గరో ఎక్కువ. నడుమ మెట్లను కాలు తనంతట తానే లెక్క కట్టుకుంటుంది. వెలుగును కొలిచే లక్స్ మీటరు పెట్టి చూస్తే దీపం వైపు 20, పిట్టగోడ వైపు 4, 5 వచ్చింది. తెల్ల టైల్ మెట్లయితే ఇందులో సగం కూడా అక్కర్లేదు.

పరీక్ష ఎలా చేయాలన్నది కూడా ముఖ్యమే. దీపాలు వెలిగించి "కనిపిస్తోందా అవ్వా?" అని అడిగితే, అంత కష్టపడ్డ మనిషిని నొప్పించడం ఎందుకని "బాగుంది నాయనా" అంటారు. నేను అలా అడగలేదు. అవ్వను మిద్దె మీద అరగంట చీకట్లో కూర్చోబెట్టి, తర్వాత కొడుకు చేయి పట్టుకుని ఉండగా తలుపు దగ్గర నిలబెట్టి, "మెట్లు ఎన్ని కనిపిస్తున్నాయి, చివరిది ఏది?" అని అడిగాను. ఫోనులో ఫోటో తీసి చూసుకునే వాళ్లకు ఒక మాట: చీకట్లో ఫోను తనంతట తానే వెలుగు పెంచి చూపిస్తుంది, ఫోటోలో కనిపించిన మెట్టు కంటికి కనిపించాలని లేదు.

అవ్వ మొదటి నాలుగు మెట్లు సరిగ్గా చెప్పింది. ఆ తర్వాత తడబడింది. చివరి మెట్టును ల్యాండింగ్‌తో కలిపేసింది, అంటే తను పడిన చోటే మళ్లీ పొరబడింది. కళ్లలో పొడిచే వెలుగు పోయింది, నీడ పోయింది, అయినా నల్ల పలక పక్కన నల్ల పలకే ఉంది. ఇంకా ఎక్కువ వాట్ల దీపం పెట్టమని కొడుకు అన్నారు. పెట్టి చూపించాను. రెండు పలకలకూ సమానంగా వెలుగు పెరిగింది, అంచు తేలలేదు, రాతిలో మెరుపు పెరిగింది. దీపంతో చేయగలిగింది అక్కడితో ఆగిపోయిందని ఆయనకూ అర్థమైంది.

అప్పుడు ప్రతి మెట్టు అంచు మీద రెండంగుళాల లేత పసుపు గరుకు టేపు అంటించాం. అవే 1 వాట్ దీపాలు. మళ్లీ అదే ప్రశ్న. అవ్వ అద్దాలు లేకుండానే తొమ్మిదీ చెప్పింది, చేత్తో చూపించింది కూడా.

శాశ్వతంగా చేసినది

టేపు పరీక్షకు మంచిది, ఇంటికి కాదు. ఈ ఇంట్లో మెట్లను వారానికోసారి బక్కెట్లతో నీళ్లు పోసి కడుగుతారు. నెల తిరక్కుండానే టేపు మూలలు లేచాయి. లేచిన టేపు అంచే కాలికి తగిలి పడేస్తుంది. అంచును ఉలితో చెక్కించి గరుకు చేయిద్దామన్నది మేస్త్రీ సలహా. కడప బండ పాలిష్ పోతే బూడిద రంగుకు తిరుగుతుంది, నల్ల పలక మీద ఆ తేడా బాగానే కనిపిస్తుంది. కానీ ఈ ఇంట్లో పండగలకు బండలకు కొబ్బరినూనె రాసి తుడిచే అలవాటుంది. నూనె పీల్చిన గరుకు రాయి మళ్లీ నల్లబడుతుంది. ఒక మెట్టు మూల మీద చెక్కి, నూనె రాయించి చూపిస్తే మేస్త్రీ తలూపాడు.

వెడల్పుగా తవ్వి లేత రంగు రాతి పట్టీ పొదగడం ఇంకో దారి. పలక మందం అంగుళానికి కాస్త ఎక్కువ, అంచు రెండు సెంటీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. ఆ కిందంతా ఖాళీయే. అక్కడ లోతుగా తవ్వితే అంచు విరిగి చేతికొస్తుందని వద్దనుకున్నాం. చివరికి అంచుకు ఒక సెంటీమీటరు వెనక నుంచి మొదలుపెట్టి, గ్రైండరుతో నీళ్లు పోస్తూ మూడు గాళ్లు కోయించాం. ఒక్కోటి 8 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల లోతు. వాటిని దంతపు రంగు ఎపాక్సీ గ్రౌటుతో నింపించాం. మామూలు సిమెంటు గ్రౌటు అయితే నూనె, మురికి పీల్చి ఏడాదికల్లా నల్లబడేది. దగ్గరగా చూస్తే మూడు గీతలు. అద్దాలు లేని కంటికి మూడూ కలిసిపోయి ఒకే పట్టీగా కనిపిస్తాయి, మాకు కావలసింది అదే. పట్టీ అన్ని మెట్లకూ అంచు నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒక మెట్టుకు వెనక్కి జరిగితే కన్ను ఆ పట్టీనే అంచనుకుంటుంది.

వైరింగులో ఒక్క నిర్ణయం గురించి మాత్రం రాస్తాను. 12 వోల్టుల దీపాలు పెట్టి, ఇంటి కరెంటును దీపాలకు తగ్గట్టు మార్చే డ్రైవరు ఒక్కదాని నుంచే నడిపిస్తే తడి మెట్ల మీద షాకు భయం ఉండదు. మామూలుగా నేను అటే మొగ్గుతాను. కానీ ఆ ఒక్క డ్రైవరు పోతే పద్దెనిమిది మెట్లూ ఒకేసారి చీకటైపోతాయి, అది నడిరాత్రి అవ్వ ఒక కాలు కిందికి పెట్టాక జరగవచ్చు. అందుకే ఇక్కడ దేనికదే డ్రైవరు ఉన్న 230 వోల్టుల దీపాలు తీసుకున్నాను. నీళ్లు దూరని IP65 రకం. ఆ సర్క్యూటుకు విడిగా, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల RCCB పెట్టి, బాక్సులన్నిటికీ ఎర్తు ఇచ్చాను. లైను ఇన్వర్టరు నుంచి తీసుకున్నాను, ఎండాకాలం గాలివానకు కరెంటు పోయేది రాత్రిపూటే. ఇన్వర్టరు లైనుకు, మామూలు లైనుకు న్యూట్రల్ కలిసిపోయి ఉంటే RCCB ఊరికే పడిపోతుంటుంది. పాత ఇళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది, ఈ ఇంట్లోనూ ఉంది. న్యూట్రల్ విడదీయడానికే గోడకు గాడి కొట్టినంత సేపు పట్టింది.

సెన్సర్ మానేసి, పొద్దుగూకితే వెలిగి తెల్లవారితే ఆరేలా ఫోటోసెల్ పెట్టాను. దాన్ని వీధిదీపం సోకని వైపు, పిట్టగోడ కింద అమర్చాలి. రాత్రంతా వెలిగితే కరెంటు దండగ కదా అని ఇంటాయన అడిగారు. మెట్లకు పది దీపాలు, నడవకూ స్నానాల గదికీ కలిపి ఇంకో రెండు వాట్లు, అంతా 12 వాట్లు. రాత్రికి పదకొండు గంటల చొప్పున నెలకు నాలుగు యూనిట్లు. పాత రోజుల్లో జీరో బల్బు అని పిలిచింది ఒక్కటే ఇంచుమించు ఇంత తాగేది.

నడవ సంగతి వేరు. అక్కడ తెల్ల టైల్ ఉంది. మెట్లకు పెట్టిన 1 వాట్ దీపమే పెడితే నేలంతా తళతళలాడి, మెట్ల వైపు తిరిగినప్పుడు కళ్లకు చీకటి కమ్మింది. అర వాట్ దీపాలు రెండు, ఒకటి మలుపు దగ్గర, ఒకటి గడప దగ్గర పెడితే సరిపోయింది. స్నానాల గదిలోని తెల్ల బల్బును ఎవరూ పట్టించుకోరు. అది వేసుకుని ఆర్పి బయటికి వచ్చే మనిషికి చీకటి చూపు పూర్తిగా పోయి ఉంటుంది, అదే చూపుతో పద్దెనిమిది మెట్లు ఎక్కాలి. అందుకని అక్కడ తలుపు నెత్తిన, నీళ్లు పడని చోట ఒక పసుపు దీపం అదే సర్క్యూటుకు కలిపాను. రాత్రిపూట అవ్వ ఇప్పుడు స్విచ్ ముట్టుకోదు.

గోడ వైపు 90 సెంటీమీటర్ల ఎత్తులో, పిడికిట్లో పట్టేంత లావు స్టీలు పైపు బిగించాం. పైపు చివరి మెట్టు దగ్గర ఆగిపోకుండా ఒక అడుగు ముందుకు సాగింది. చేతి కింద పైపు ఇంకా ఉంటే మెట్లు ఇంకా ఉన్నాయని చేతికి తెలుస్తుంది.

ఏడాది తర్వాత

మరుసటి వేసవి చివర వెళ్లి చూశాను. అవ్వ మిద్దె మీదే పడుకుంటోంది. మళ్లీ పడలేదు. ఒక ఇంట్లో ఒక వేసవి పడకపోవడాన్ని రుజువుగా నేను చూపించను. నాకు నమ్మకం కలిగించింది ఆమె దిగే తీరు. మునుపు ప్రతి మెట్టు మీద రెండు కాళ్లూ కలిపి, కాలి బొటనవేలితో అంచును తడిమి దిగేది. ఇప్పుడు పైపు పట్టుకుని మెట్టుకొక కాలు వేస్తోంది.

రెండు లోపాలు కనిపించాయి. దీపాల కప్పుల కింద దుమ్ము, చచ్చిన పురుగులు పేరుకుని, పిట్టగోడ వైపు 4 లక్స్ ఉన్నది 2కు పడిపోయింది. తడి గుడ్డతో తుడిస్తే తిరిగి వచ్చింది. నెలకోసారి తుడవమని కోడలికి చూపించాను. ఒక దీపం ఆరిపోయి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అటూ ఇటూ దీపాలున్నాయి కాబట్టి నడక ఆగలేదు. దేనికదే డ్రైవరు ఉండటంలో ఉన్న లాభం ఇదే, నష్టమూ ఇదే: పోయిన దీపాన్ని ఎవరూ గమనించరు.

అట్టడుగు మెట్టు మాత్రం అలాగే ఉంది. హాలు టైల్ తీయించాలి, లేదా మెట్లన్నిటి మీదా కొత్త పలక వేసి ఎత్తులు సరిచేయాలి. రెంటికీ ఇంటివారు ఇప్పుడే సిద్ధంగా లేరు. ఆ మెట్టు నిలువు భాగానికి, పలకకు కలిపి ఎర్ర ఆక్సైడ్ రంగు వేయించాం, ఇది మిగతావాటిలాంటిది కాదని చూపుకు తెలియడానికి. రంగుతో అయిదు సెంటీమీటర్ల తేడా తీరదు, కాలు అక్కడ ఇప్పటికీ జివ్వుమంటూనే ఉంటుంది. హాల్లో టైల్ మార్చే రోజున ముందు నాకు ఫోను చేయమని చెప్పి వచ్చాను.

ఈ కేసు తర్వాత మెట్ల దీపాలకు ఎవరు పిలిచినా దీపాల గురించి చివరన మాట్లాడుతున్నాను. ఎండాకాలం ఎక్కడ పడుకుంటారు, రాత్రి ఏ దారిలో వెళ్తారు, అద్దాలు ఎలాంటివి, మెట్లకు నూనె రాస్తారా అని అడిగి, మెట్ల ఎత్తులన్నీ కొలిచాకే ధర చెబుతున్నాను. తెల్ల టైల్ మెట్లకు, గచ్చు మెట్లకు ఈ లెక్కలు సరిపోవు. అక్కడ దీపం సగానికి తగ్గించాలి, పట్టీ ముదురు రంగులో ఉండాలి. కర్నూలు, కడప వైపు పాత ఇళ్లలో నల్ల బండ మెట్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటికి దీపాలు పెట్టమని ఎవరైనా అడిగితే ముందు ఒక రూపాయి ఖర్చుతో తేలే పరీక్ష ఉంది: చివరి రెండు మెట్ల అంచుల మీద సుద్దముక్కతో రెండంగుళాల వెడల్పు పట్టీ గీసి, ఆ రాత్రి ఉన్న దీపంతోనే పెద్దవాళ్లను చేయి పట్టుకుని పైన నిలబెట్టి, చివరి మెట్టు ఏదో అడగండి.